మంచు మీద బరువు పెడితే

నీళ్లు నిండా పోసి మూత బిగించిన గాజు సీసాను ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే పగులుతుందని ఇంట్లో ఫ్రిజ్ ఉన్న ఎవరికైనా తెలుసు. గడ్డకట్టేటప్పుడు నీరు ఉబ్బుతుంది, అడ్డొచ్చినదాన్ని బలంగా నెడుతుంది. 1849లో జేమ్స్ థామ్సన్ అనే ఇంజినీరు ఈ నెట్టుడు గురించే ఆలోచించి ఒక చిక్కుప్రశ్న బయటికి తీశాడు. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా పేరుపడిన విలియం థామ్సన్‌కు ఈయన అన్నగారు.

చిక్కు ఇదీ. ఒక సిలిండర్‌లో సున్నా డిగ్రీల నీళ్లు పోసి, పైన పిస్టన్ అమర్చి, దాని మీద ఒక బరువు పెట్టామనుకుందాం. నీరు సున్నా దగ్గరే గడ్డకడుతూ ఆ బరువును పైకి లేపుతుంది. లేచాక బరువును పక్కన ఉన్న గట్టు మీదికి జరిపేసి, మంచును మళ్లీ సున్నా దగ్గరే కరిగిస్తే పిస్టన్ కిందికి దిగుతుంది. ఇంకో బరువు పెట్టి మళ్లీ మొదలుపెట్టవచ్చు. గడ్డకట్టేటప్పుడు బయటికొచ్చిన వేడినే కరిగించడానికి తిరిగి ఇవ్వవచ్చు గనుక ఖర్చంటూ ఏమీ లేదు. ఉష్ణోగ్రతలో తేడా అన్నదే లేకుండా రోజంతా బరువులెత్తే యంత్రం తయారైనట్టే! అలాంటిది కుదరదని ఫ్రెంచి ఇంజినీరు సాడీ కార్నో 1824లోనే తేల్చి చెప్పాడు. వేడి నుంచి పని రావాలంటే ఆ వేడి ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రతకు దిగి తీరాలి.

మరి తప్పెక్కడుంది? నీరు ఉబ్బడం కళ్లముందు కనిపించే నిజం. కార్నో మాట కాదనడానికి వీల్లేదు. ఇక మిగిలింది, బరువు మోస్తున్న నీరు కూడా సున్నా దగ్గరే గడ్డకడుతుందని మనం అడక్కుండా ఒప్పేసుకున్న సంగతి ఒక్కటే. జేమ్స్ అక్కడే పట్టుకున్నాడు. పీడనం కింద ఉన్న నీరు సున్నాకన్నా ఇంకాస్త చల్లబడితేగానీ గడ్డకట్టకూడదు. అప్పుడు యంత్రం సున్నా దగ్గర వేడి తీసుకుని, అంతకన్నా చల్లగా ఉన్నచోట వదులుతుంది, లెక్క సరిపోతుంది.

ఎంత చల్లబడాలో కూడా ఇదే యంత్రం చెప్పేస్తుంది. కిలో నీటితో చూద్దాం. అది గడ్డకడితే 1,000 ఘన సెంటీమీటర్లు కాస్తా 1,091 అవుతుంది. పెరుగుదల 91. మామూలు గాలి పీడనానికి 100 రెట్ల అదనపు పీడనాన్ని తోసుకుంటూ ఈ పెరుగుదల జరిగితే వచ్చే పని సుమారు 920 జౌళ్లు. ఇందుకోసం కిలో మంచు కరగడానికి తీసుకునే వేడి, అంటే గుప్తోష్ణం, దాదాపు 3,34,000 జౌళ్లు. వేడిలో పనిగా మారింది వెయ్యింట మూడు వంతులు కూడా లేదు, 0.00275 మాత్రమే. కార్నో నియమం ప్రకారం ఈ భాగం, ఉష్ణోగ్రతల తేడాను కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేదానితో సమానం. సున్నా సెల్సియస్ అంటే 273 కెల్విన్. 273ను 0.00275తో గుణిస్తే 0.75. కాబట్టి 100 రెట్ల పీడనం పెట్టినా మంచు కరిగే స్థానం ముప్పావు డిగ్రీ మాత్రమే దిగుతుంది. ఒక్క వాతావరణ పీడనానికి 0.0075 డిగ్రీ.

జేమ్స్ కాగితం మీద తేల్చిన అంకె ఇదే. అప్పటికి దాన్ని ఎవరూ కొలవలేదు. మరుసటి ఏడాది తమ్ముడు విలియం గాజుపాత్రలో మంచూ నీళ్లూ కలిపి నొక్కి, అతి సున్నితమైన ఈథర్ థర్మామీటర్‌తో చూశాడు. 8.1 వాతావరణ పీడనాల దగ్గర 0.059 డిగ్రీ దిగింది. లెక్క ప్రకారం 0.061 దిగాలి. 16.8 దగ్గర 0.129 దిగింది, లెక్క 0.126. డిగ్రీలో నూరోవంతుకన్నా చిన్న తేడాతో ఆలోచన నెగ్గింది.

పైన చేసిన కూడికా గుణకారమంతా ఒక్క వరుసలో రాస్తే ఇలా ఉంటుంది:

dP/dT = L / (T ΔV)

దీన్ని క్లాపేరాన్ సమీకరణం అంటారు. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా పీడనం తీసుకుని గ్రాఫు గీస్తే, ఘనం ఒకవైపు, ద్రవం ఒకవైపు ఉండేలా మధ్యలో ఒక గీత వస్తుంది. ఆ గీత వాలు ఎంతో ఎడమవైపున్న dP/dT చెబుతుంది. L గుప్తోష్ణం, T కెల్విన్‌లో ఉష్ణోగ్రత, ΔV కరిగినప్పుడు ఘనపరిమాణంలో వచ్చిన మార్పు. కరిగించాలంటే వేడి ఇవ్వాల్సిందే గనుక L ధనాత్మకం. T ఎలాగూ ధనాత్మకమే. గీత ఎటు వాలుతుందో నిర్ణయించే అధికారమంతా ΔV చేతిలోనే ఉంది.

నెయ్యి సీసాను చూడండి. చలికి నెయ్యి పూసకట్టేటప్పుడు పూస అడుగుకు చేరుతుంది, కరిగినది పైన నిలుస్తుంది. ఘనం బరువైనది, ద్రవం తేలికైనది, కరిగితే ఉబ్బుతుంది. మైనం, సీసం, ఇంకా మనకు తెలిసిన ఘనపదార్థాల్లో చాలా వాటిదీ ఇదే దారి. వీటికి ΔV ధనాత్మకం, గీత కుడివైపుకు వాలుతుంది, నొక్కితే కరగడం ఇంకా కష్టమవుతుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త బున్సెన్ 1850లో పారఫిన్ మైనాన్ని నొక్కి చూస్తే, 100 వాతావరణ పీడనాల దగ్గర అది కరిగే స్థానం మూడు డిగ్రీలకు పైగా పెరిగింది. మంచు విషయంలో ΔV రుణాత్మకం. గీత ఎడమకు వాలుతుంది.

మంచు ఎందుకిలా? నీటి అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. ఆ బంధం ఏ దిక్కున పడితే ఆ దిక్కున కుదరదు. మంచులో ప్రతి అణువూ సరిగ్గా నాలుగు పక్క అణువులను, నాలుగు మూలలకు చాచినట్టు పట్టుకుని నిలబడుతుంది. ఈ పట్టు కోసం మధ్యలో చాలా ఖాళీ వదిలేయాలి. కరిగినప్పుడు కొన్ని బంధాలు వంగి, తెగి, పక్కనున్న అణువులు ఆ ఖాళీల్లోకి చొరబడతాయి. అందుకే నీరు మంచుకన్నా ఇరుకైనది. సీసంలాంటి లోహంలో అణువులకు దిక్కుల పట్టింపు లేదు, వీలైనంత దగ్గరగా సర్దుకుంటాయి. కరిగితే ఆ సర్దుబాటు చెదిరి చోటు పెరుగుతుంది. మంచు ఒక్కటే ఇలా ఉంటుందనుకుంటే పొరపాటు. బిస్మత్, గాలియం, సిలికాన్, జెర్మేనియం కూడా గడ్డకడితే ఉబ్బేవే.

వాలు ఎటో తెలిసింది. ఎంత నిటారుగా ఉందన్నది కూడా చూడాలి, ఎందుకంటే పుస్తకాలు తప్పుదారి పట్టించేది ఇక్కడే. మంచు గుప్తోష్ణం చాలా ఎక్కువ, ΔV చాలా తక్కువ. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే గీత దాదాపు గోడలా నిలబడుతుంది. ఒక్క డిగ్రీ దించడానికి 130కి పైగా వాతావరణ పీడనాలు కావాలి. అయినా స్కేటింగ్ చేసేవాళ్లు మంచు మీద జారడానికి కారణం ఈ పీడనమేనని ఎన్నో పుస్తకాల్లో కనిపిస్తుంది. ఐరిష్ శాస్త్రవేత్త జాన్ జోలీ 1886లో ఈ మాట అన్నాడు, అప్పటి నుంచి అది చెరిగిపోలేదు. లెక్క వేసి చూద్దాం. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడి, బ్లేడు అంచు ఒకే ఒక్క చదరపు సెంటీమీటరు మేర మంచును తాకుతోందని ఉదారంగా ఒప్పుకుందాం. పీడనం 60 వాతావరణ పీడనాలకు కాస్త తక్కువ. కరిగే స్థానం అర డిగ్రీ కూడా దిగదు. మైనస్ 5 దగ్గర, మైనస్ 10 దగ్గర హాయిగా స్కేటింగ్ సాగుతుంది గదా, అక్కడ ఈ అర డిగ్రీ ఏ మూలకు? 1939లో బౌడెన్, హ్యూస్ చేసిన ప్రయోగాలు రాపిడి వల్ల పుట్టే వేడివైపు వేలు చూపించాయి. దానికితోడు, సున్నాకు దిగువన కూడా మంచు పైతలంలో అణువులు వదులుగా, ద్రవంలాంటి పలచని పొరగా ఉంటాయి. ఈ రెండూ కలిసి జారుడుకు చాలు.

పీడనం నిజంగా పనిచేసే ప్రదర్శన మరొకటుంది. మంచు దిమ్మెను రెండు బల్లల మధ్య ఆనించి, మీదుగా సన్నని రాగితీగ వేసి, రెండు కొసలకూ బరువులు కడితే తీగ మెల్లగా దిమ్మెలోకి దిగి కిందనుంచి బయటికొస్తుంది. దిమ్మె మాత్రం రెండు ముక్కలు కాదు. అర మిల్లీమీటరు తీగ, 10 సెంటీమీటర్ల దిమ్మె, మొత్తం 5 కిలోల బరువు అనుకుంటే తీగ కింద పీడనం సుమారు 10 వాతావరణ పీడనాలు. డిగ్రీలో పదోవంతు కూడా దిగదు. కాబట్టి కరగడం మొదలైన, చెమర్చిన దిమ్మె మీదే ఇది సాగుతుంది. మైనస్ 10 దగ్గరున్న ఫ్రీజర్‌లో పెడితే లెక్క ప్రకారం తీగ కదలకూడదు. ఇందులో గుప్తోష్ణం కూడా పాత్ర పోషిస్తుంది. తీగ కింద మంచు కరగడానికి వేడి కావాలి, తీగ పైకి చేరిన నీరు గడ్డకడుతూ వేడి వదలాలి. ఆ వేడి తీగలోంచే పైనుంచి కిందికి దిగుతుంది. రాగికి బదులు అంతే లావున్న నైలాన్ దారం వాడితే పీడనం అదే అయినా ప్రయాణం బాగా మందగిస్తుంది. అయితే వెచ్చని గదిలో చేస్తే బయటికి వేలాడే తీగ కొసలు గాలిలోని వేడిని కూడా లోపలికి తెస్తాయి, ఎంత కరిగింది పీడనం వల్లో చెప్పడం కష్టమవుతుంది.

అంటార్కిటికాలో మాత్రం ఈ చిన్న అంకె పెద్దదవుతుంది. వోస్టోక్ సరస్సు మీద మంచు మందం సుమారు 3,700 మీటర్లు. ఆ బరువుకు అడుగున పీడనం 330 వాతావరణ పీడనాల దాకా వెళ్తుంది, కరిగే స్థానం రెండున్నర డిగ్రీలు దిగుతుంది. మంచులో చిక్కుకున్న గాలి ఇంకాస్త దించుతుంది. భూమి లోపలి నుంచి వచ్చే వేడి సాయంతో అక్కడి నీరు సున్నాకు దిగువనే ద్రవంగా నిలిచి ఉంది.

ఎడమకు వాలిన ఈ గీత తిన్నగా పోదు, కలకాలం పోదు కూడా. ఒక్కో డిగ్రీకి ఒకే లెక్క చొప్పున పోతే మైనస్ 22 చేరడానికి దాదాపు 2,900 వాతావరణ పీడనాలు కావాలి. నిజానికి 2,070 చాలు. నొక్కుతూ పోతే నీరు మంచుకన్నా ఎక్కువగా కుదించుకుపోతుంది, ΔV పెరుగుతుంది. చల్లబడేకొద్దీ గుప్తోష్ణం తగ్గుతుంది. రెండూ కలిసి వాలును సగానికి తెస్తాయి. అక్కడ, మైనస్ 22 దగ్గర, మామూలు మంచు కథ ముగుస్తుంది. ఇంకా నొక్కితే ఖాళీలున్న ఆ అమరిక కూలి, నీటికన్నా బరువైన వేరే రకాల మంచు పుడుతుంది. జర్మనీలో తమ్మన్ 1900లో, అమెరికాలో బ్రిడ్జ్‌మన్ 1912లో వీటిని ఒకటొకటిగా గుర్తించారు. ఇవి నీటిలో మునుగుతాయి, వీటికి ΔV ధనాత్మకం, గీత కుడివైపుకు తిరిగిపోతుంది. వీటిలో ఆరో రకాన్ని 22,000 వాతావరణ పీడనాల దాకా నొక్కి ఉంచితే 80 డిగ్రీల వేడి దగ్గర కూడా గడ్డగానే ఉంటుంది.