బజర్ నొక్కే ముందు మూలలు చూడండి

బడి క్విజ్‌లో ఫొటోల రౌండు వచ్చిందంటే పిల్లల వేళ్లు ఆగవు. తెల్ల గుమ్మటం కనబడితే తాజ్‌మహల్, నాలుగు మినార్లు కనబడితే చార్మినార్. ఒకే ఫొటో మీద అన్ని జట్లూ బోల్తా పడ్డాక, స్కోరు పక్కన పెట్టి ఓ క్విజ్ మాస్టరు చెప్పిన మాటలివి.

"కూర్చోండి, మైనస్ మార్కులేం వెయ్యనులే. అదే ఫొటో మళ్లీ పెడుతున్నా. బజర్ల మీంచి చేతులు తీసేయండి.

తెల్ల గుమ్మటం, నాలుగు మినార్లు, ముందు నీళ్ల కాలువ. ఇంత చూసి తాజ్‌మహల్ అనేశారు. ఇది ఔరంగాబాద్‌లోని బీబీ కా మక్బరా. ఆ ఊరు ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్. ఔరంగజేబు భార్య దిల్‌రస్ బాను సమాధి ఇక్కడుంది. దీని రూపశిల్పి అతావుల్లా, తాజ్ శిల్పి ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కొడుకే. పోలిక ఊరికే రాలేదు మరి.

ఇప్పుడు గోడను కింది నుంచి పైకి చూడండి. అడుగున కొంత ఎత్తు దాకా పాలరాయి. ఆపైన మెరుపు తగ్గింది, మరకలు కనిపిస్తున్నాయి. అక్కడున్నది నల్లరాతి గోడ మీద పూసిన సున్నపు గచ్చు. మళ్లీ పాలరాయి కనబడేది గుమ్మటానికే. తాజ్‌కయితే కింది నుంచి పైదాకా పాలరాతి తొడుగే.

మూలలు చూడండి. తాజ్ మూలలు చెక్కేసినట్టు ఏటవాలుగా ఉంటాయి, ఆ చెక్కిన ముఖాల్లోనూ ఒకదాని మీద ఒకటి కమానులుంటాయి. ఇక్కడ మూల మూలగానే ఉంది, పైన చిన్న మినారు లేచింది.

వెనక కొండలున్నాయి. ఆగ్రాలో వెనక యమున, అందుకే తోట వైపు నుంచి తీస్తే ఆకాశమే కనబడుతుంది. పైగా అక్కడ రెండు పక్కలా ఎర్రరాతి భవనాలు. ఇక్కడ పడమటి పక్క మసీదు ఒక్కటే, అదీ తర్వాత నిజాం కట్టించింది. అవును, మన హైదరాబాద్ నిజామే. అప్పట్లో ఆ ఊరు ఆయన ఏలుబడిలోనే ఉండేది.

ఏంటి నాన్నా, మినార్లు మరీ పొడుగ్గా ఉన్నాయా? బాగా పట్టావు. కానీ ఆ ఒక్కటీ నమ్ముకోకు. దగ్గరగా నిలబడి తీస్తే ముందున్న మినారు ఎలాగూ పెద్దదై కనిపిస్తుంది. కొండల్ని మంచు కప్పేయొచ్చు, అంచులు కత్తిరిస్తే మసీదు ఎగిరిపోతుంది. మూలలు అంత తేలిగ్గా పోవు. నేనైతే ముందు వాటినే వెతుకుతా, తర్వాతే గోడ.

వచ్చే ఫొటోకి రూలు మారుస్తున్నా. మొదటి 20 సెకన్లు బజర్ మోగదు. పేరు చెబితే 5 పాయింట్లు, ఫొటోలో వేలు పెట్టి చూపించిన ఒక్కో ఆధారానికి 10. పేరు తెలియకపోయినా ఆధారాలు చెప్పొచ్చు. ఆ కిటికీ తలుపులు వేసేయండమ్మా, తెర మీద వెలుతురు పడుతోంది."