‘వాడరాదు’ ఎలా ‘పాడరాదు’ అవుతుంది?

చెరువు గట్టున ఒక బోర్డు ఉందనుకుందాం: ‘ఈ నీరు తాగడానికి వాడరాదు’. తెలుగు చదవలేని యాత్రికుడు ఫోన్‌తో ఫొటో తీసి, దాన్ని ఇంగ్లిష్‌లో చూసుకుంటాడు. ‘వా’ని ఫోన్ ‘పా’గా చదివితే ‘వాడరాదు’ కాస్తా ‘పాడరాదు’ అవుతుంది. నీళ్లు తాగవద్దన్న హెచ్చరిక పోయి, పాట పాడవద్దన్న మాట తెర మీదికొస్తుంది.

ఈ తప్పు చాలావరకు అనువాదానికి ముందే జరిగిపోతుంది. ఎక్కువ యాప్‌లలో ఈ పని రెండు అంచెలు. మొదటి అంచెను ఓసీఆర్ అంటారు. అది ఫొటోలో రాత ఉన్న చోట్లు వెతికి, వరుసలుగా కత్తిరించి, ఆకారాలను అక్షరాలుగా మారుస్తుంది. రెండో అంచె అనువాదం. దానికి ఫొటో కనిపించదు, మొదటి అంచె ఇచ్చిన అక్షరాలే అందుతాయి.

వ, ప అక్షరాల ఒంటి ఆకారం దాదాపు ఒక్కటే. ‘వ’లో తలకట్టు ఒంటికి అతుక్కుని ఉంటుంది, ‘ప’లో విడిగా నిలుస్తుంది. దీర్ఘం ఇచ్చినా తేడా అదే. అంటే రెండింటినీ వేరుచేసేది సన్నటి ఖాళీ. దూరం నుంచి తీసిన ఫొటోలో అక్షరం 30 పిక్సెళ్ల ఎత్తుంటే, ఆ ఖాళీకి రెండు మూడు పిక్సెళ్లే మిగలొచ్చు. చెయ్యి వణికినా, ఫొటో పంపేటప్పుడు కుదించుకుపోయినా అది పూడిపోతుంది. రంగు పెచ్చులూడితే లేని ఖాళీ పుడుతుంది. మన బోర్డుకు జరిగింది ఇదే. ద, ధ, థల మధ్య తేడా కూడా ఒక గీత, ఒక చుక్క మాత్రమే.

నిఘంటువుతో సరిచూసినా ఇక్కడ లాభం లేదు, ఎందుకంటే ‘పాడరాదు’ కూడా అచ్చమైన తెలుగు మాటే. పక్క మాటలను కూడా చూసే పద్ధతులు కొన్నిసార్లు కాపాడతాయి. అంకెలకు ఆ ఆసరా చాలాసార్లు దొరకదు: 3 బదులు 8 పడినా వాక్యం చక్కగానే ఉంటుంది.

అక్షరాలన్నీ సరిగ్గా చదివినా ఇంకో ప్రమాదం ఉంది. బోర్డు ఇరుకై, పెయింటరు ‘వాడ’ పై వరుసలో, ‘రాదు’ కింది వరుసలో రాశాడనుకోండి. తెలుగులో మాట విరిగిన చోట గీత పెట్టడం తక్కువ. వరుసలను విడివిడిగా చదివే ఓసీఆర్‌కు అవి రెండు మాటలు. ‘వాడ’ అంటే వీధి, ‘రాదు’ అంటే వచ్చేది కాదు. అనువాదం ఆ ముక్కలతోనే ఏదో ఒక నున్నటి వాక్యం అల్లేస్తుంది. అసలు చిక్కు ఆ నునుపే. ఇంగ్లిష్ సాఫీగా ఉంటే చదివేవారికి అనుమానం రాదు.

అందుకే అనువాదాన్ని కాదు, ఫోన్ గుర్తించిన మూల పాఠాన్ని ముందు చూడండి. చాలా యాప్‌లలో దాన్ని కాపీ చేసుకోవచ్చు. ఫొటోతో అక్షరం అక్షరం పోల్చి, విరిగిన మాటలను కలిపి, మళ్లీ అనువదించండి. లిపి తెలియకపోతే దగ్గరగా, ఎదురుగా నిలబడి ఇంకో ఫొటో తీయండి. రెండుసార్లూ వేర్వేరు అర్థాలొస్తే దేన్నీ నమ్మవద్దు. మందు సీసా, నీటి బోర్డు, కరెంటు హెచ్చరిక అయితే మాత్రం ఆ భాష వచ్చిన మనిషి చేత చదివించుకోండి.