జుమా బయాన్ నుంచి చిన్న క్లిప్పులు: షరతు తెగిపోకుండా కత్తిరించడం ఎలా?

తెనాలిలోని ఒక మస్జిదులో రమజాన్‌కు ముందు జుమా రోజున ఇమాం సాబ్ జకాత్ మీద 40 నిమిషాలు బయాన్ చేశారనుకుందాం. అంతసేపు ఫోన్‌లో వినే తీరిక అందరికీ ఉండదు. అందుకే కుర్రాళ్లు దాన్ని నిమిషం, నిమిషంన్నర ముక్కలుగా చేసి వాట్సాప్‌లో పెడతారు. సాయంత్రానికి ఆ ముక్క రేపల్లె, బాపట్లలోని బంధువుల గ్రూపులకు చేరుతుంది. మొత్తం బయాన్ మాత్రం దాని వెంట వెళ్లదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

బయాన్‌లో 12వ నిమిషం దగ్గర ఇమాం సాబ్ ఇలా చెప్పారనుకోండి: బంగారం సాఢే సాత్ తులాలు, అంటే 87.48 గ్రాములు, లేకపోతే జకాత్ లేదు. ఈ మాట 15 సెకన్లలో అయిపోతుంది, క్లిప్పుకు సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ 13వ నిమిషంలో ఆయన షరతు చెబుతారు. ఆ లెక్క బంగారం ఒక్కటే ఉన్నవారికి. దానితోపాటు నగదో, వెండో ఉంటే హనఫీ మస్లక్ ప్రకారం అన్నిటి విలువ కలిపి వెండి నిసాబ్‌తో, అంటే 612.36 గ్రాముల వెండి ధరతో పోల్చాలి. అప్పులు తీసేశాక మిగిలినది ఆ విలువకు చేరి, చాంద్రమాన సంవత్సరం గడిస్తే 2.5 శాతం జకాత్ ఇవ్వాలి.

రేపల్లెలో ఒకావిడ దగ్గర 8 కాసుల బంగారం, అంటే 64 గ్రాములు, బ్యాంకులో కొంత సొమ్ము ఉన్నాయనుకోండి. మొదటి 15 సెకన్లే చూస్తే ‘నాకు జకాత్ లేదు’ అనుకుంటుంది. 64 గ్రాముల బంగారం ధర 612 గ్రాముల వెండి ధర కంటే చాలా ఎక్కువ. కాబట్టి అప్పులు తీసేశాక కూడా ఆ విలువ మిగిలి, సంవత్సరం గడిస్తే ఆమె మీద జకాత్ ఉంటుంది. ఇమాం సాబ్ మాటలో తప్పు లేదు, కత్తిరింపులోనే తప్పు జరిగింది.

ఈ జాగ్రత్త మనకు కొత్తది కాదు. ఖుర్ఆన్ పారాయణం నేర్పేటప్పుడు ఉస్తాద్‌లు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో చెప్పే వఖ్ఫ్ నియమాలు నేర్పుతారు. సూరా నిసా 43వ ఆయతులో మత్తులో ఉన్నప్పుడు నమాజు దరికి రావద్దన్న ఆదేశం ఉంది. మత్తు మాట రాకముందే ఆపేస్తే అర్థం తలకిందులవుతుంది. క్లిప్పు కోసేవారికీ అదే సూత్రం వర్తిస్తుంది.

అందుకే ఎడిటింగ్ యాప్ తెరవకముందే బయాన్ మొత్తం ఒకసారి విని, కాగితం మీద మూడు గడులు గీసుకోవాలి: ప్రశ్న, జవాబు, షరతు. ఒక్కోదాని పక్కన అది ఏ నిమిషంలో వచ్చిందో రాయాలి. మూడూ ఒకేచోట వరుసగా ఉన్న భాగమే క్లిప్పు అవుతుంది. పై ఉదాహరణలో 12వ నిమిషం నుంచి 13వ నిమిషం చివరిదాకా కోస్తే దాదాపు రెండు నిమిషాలు వస్తుంది. పొడవు తగ్గించాలని మధ్య వాక్యాలు తీసేసి రెండు కొసలూ అతికించకూడదు. షరతు 30వ నిమిషంలో ఎక్కడో ఉంటే ఆ విషయాన్ని క్లిప్పుగా చేయకపోవడమే మంచిది. 40 నిమిషాల్లోంచి నాలుగే వచ్చినా చాలు.

తర్వాత క్యాప్షన్లు. చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు కాబట్టి వారికి రాతే బయాన్. యాప్ తనంతట తాను రాసిన క్యాప్షన్‌ను అలాగే వదిలేయకూడదు. తెలుగు మధ్యలో వచ్చే ఉర్దూ, అరబీ మాటల దగ్గర అది తడబడుతుంది. ‘నిసాబ్’ కాస్తా ‘హిసాబ్’ కావచ్చు, ‘లేదు’ కాస్తా ‘లేదా’ కావచ్చు. అంకెలు, కాదు-లేదు మాటలు, అరబీ పదాలు ఈ మూడింటినీ ఆడియో ఆపి ఆపి వింటూ సరిచూడాలి.

తులం విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇప్పుడు నగల దుకాణంలో తులం అంటే 10 గ్రాములు. నిసాబ్ లెక్కలోని పాత తులం 11.664 గ్రాములు. ఉత్త ‘7.5 తులాలు’ అని రాస్తే చూసేవారు 75 గ్రాములనుకుంటారు. అందుకే పక్కన గ్రాములు ఇవ్వాలి. క్యాప్షన్ ఫైలు ఇలా ఉంటుంది:

```
1
00:00:00,000 --> 00:00:04,000
బంగారం ఒక్కటే ఉంటే నిసాబ్
7.5 తులాలు (87.48 గ్రాములు)

2
00:00:04,000 --> 00:00:08,000
నగదు, వెండి కూడా ఉంటే
అన్నీ కలిపి లెక్క వేయాలి
```

ఒకసారికి రెండు వరుసలు మించకూడదు. ఆయతు వస్తే దాని అర్థాన్ని విన్నదాన్నిబట్టి సొంతంగా రాయకుండా, అచ్చయిన అనువాదం చూసి, సూరా, ఆయతు నంబరుతో పెట్టాలి. హదీసు అయితే గ్రంథం పేరు ఇమాం సాబ్‌నే అడగాలి.

చివరగా, బయాన్ వినని ఒకరికి, శబ్దం ఆపేసి, క్లిప్పు చూపించి ‘ఏం అర్థమైంది?’ అని అడగాలి. ‘బంగారం తక్కువుంటే జకాత్ లేదంట’ అన్నారంటే కోత మళ్లీ వేయాలి. ‘ఇంట్లో డబ్బు కూడా కలిపి చూడాలంట’ అన్నారంటే సరిపోయింది. అప్పుడు ఇమాం సాబ్‌కు చూపించి, మస్జిదు పేరు, బయాన్ తేదీ, పూర్తి రికార్డింగ్ దొరికే చోటు వీడియో మీదే రాసి పంపాలి. ఒకసారి ఫార్వర్డ్ అయిపోయిన కాపీని మనం వెనక్కి తీసుకోలేం. అడిగి తెలుసుకునే దారి కూడా ఆ కాపీ మీదే ఉండాలి.