నీలం చొక్కా ఆకుపచ్చ కావాలంటే

పెళ్లికి అన్నదమ్ముల పిల్లలంతా ఆకుపచ్చ చొక్కాలు వేసుకోవాలని నెల ముందే ఫ్యామిలీ గ్రూపులో తీర్మానం అయిపోతుంది. తీరా గ్రూప్ ఫోటో వచ్చాక చూస్తే చివర్న ఒకడు లేత నీలం చొక్కాలో నవ్వుతూ నిలబడి ఉంటాడు. ‘ఫోన్‌లో రంగు మార్చేయొచ్చు కదరా’ అని ఎవరో ఒకరు అననే అంటారు. మార్చొచ్చు, అదీ పైసా ఖర్చు లేకుండా. కానీ ఏ చొక్కా ఏ రంగులోకి మారుతుంది, ఏది ఎంత తంటాలు పడినా మారదు అన్నది ముందే తెలిస్తే సగం రాత్రి వృథా కాకుండా ఉంటుంది.

చాలామంది మొదట వెళ్లేది గూగుల్ వారి స్నాప్‌సీడ్ యాప్‌లోని Selective అనే పరికరం దగ్గరికి. చొక్కా మీద వేలితో తాకితే అక్కడ ఒక చుక్క పడుతుంది. రెండు వేళ్లతో సాగదీస్తే అది పనిచేసే వలయం పెద్దదవుతుంది, ఆ వలయంలో చుక్క పడిన చోటి రంగును పోలిన భాగాల మీదే ప్రభావం ఉంటుంది. వినడానికి మనకు కావలసింది ఇదే అనిపిస్తుంది. కానీ అది మార్చేవి వెలుతురు, కాంట్రాస్ట్, రంగు గాఢత, బట్ట గరుకుదనం మాత్రమే. నీలాన్ని ముదురు నీలం చేస్తుంది, వెలిసిన నీలం చేస్తుంది, ఆకుపచ్చ మాత్రం చేయదు. దాని అవసరం తర్వాత పడుతుంది, ప్రస్తుతానికి పక్కన పెడదాం.

రంగునే మార్చే పరికరం అడోబీ లైట్‌రూమ్ మొబైల్ యాప్‌లో ఉచితంగానే దొరుకుతుంది. Color విభాగంలో Mix తెరిస్తే ఎరుపు నుంచి మెజెంటా దాకా ఎనిమిది రంగుల చుక్కలు కనిపిస్తాయి. నీలం చుక్క తాకి Hue గీతను ఎడమకు జరిపితే నీలమంతా నెమలికంఠం వైపు, కుడికి జరిపితే ఊదా వైపు వెళ్తుంది. రెండు ఇబ్బందులున్నాయి. ఆ గీత రంగును పొరుగు రంగు దాకానే తీసుకెళ్తుంది, చివరిదాకా లాగినా అచ్చమైన ఆకుపచ్చ రాదు. పైగా అది చొక్కాను చూడదు, నీలాన్ని చూస్తుంది. పక్కవాడి జీన్స్, వెనక షామియానా, పైన ఆకాశం అన్నీ కలిసి మారిపోతాయి. ఒక్క మనిషి మీదే పనిచేసేలా చేసే మాస్కింగ్ ఈ యాప్‌లో డబ్బు కట్టినవారికే. ఫోటోలో ఇంకెక్కడా నీలం లేకపోతే మాత్రం ఇంతకంటే తేలిక దారి లేదు.

చొక్కా ఎరుపో నారింజో పసుపో అయితే ఈ దారి అసలు పనికిరాదు. మన చర్మం రంగు ఉండేది సరిగ్గా ఆ చుక్కల్లోనే. పసుపు చొక్కాను ఆకుపచ్చ చేయబోతే పెళ్లికొడుకు బుగ్గలు కూడా పాలిపోయి, కామెర్లు వచ్చినవాడిలా తయారవుతాడు.

కాబట్టి మన నీలం చొక్కాకు మళ్లీ స్నాప్‌సీడ్‌కే రావాలి, ఈసారి Curves లోకి. పద్ధతి కాస్త తలకిందులుగా అనిపిస్తుంది. ముందు ఫోటో మొత్తం రంగు మార్చేసి, తర్వాత ఆ మార్పును చొక్కాకే పరిమితం చేయాలి.

ఫోన్ తెరపై ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెల కలయిక, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. మామూలు వెలుతురులో లేత నీలం చొక్కా మీద ఒక చోట అవి 90, 130, 190 అనుకుందాం. Curves లో కింద ఛానెల్ గుర్తు తాకి Blue ఎంచుకోండి. తెర మీద మూల నుంచి మూలకు ఏటవాలు గీత ఉంటుంది. అడుగు అంచు వెంట మూడొంతుల దూరం వెళ్లి, దానికి పైన గీతను పట్టుకుని కిందికి లాగితే 190 కాస్తా 110 దగ్గరికి దిగుతుంది. తర్వాత Green ఛానెల్‌లో గీత మధ్యను పట్టుకుని కొంచెం పైకెత్తితే 130 వెళ్లి 150 అవుతుంది. ఇప్పుడు మన చుక్క 90, 150, 110, అంటే చక్కటి ఆకుపచ్చ. ఫోటోలో మొహాలన్నీ ఆకుపచ్చ, పసుపు కలిసిన వింత రంగులో కనిపిస్తాయి. కంగారు పడకుండా టిక్ కొట్టేయండి.

పైన ఉండే ఎడిట్ల గుర్తు తాకి View edits లోకి వెళ్తే ఇప్పటిదాకా చేసిన మార్పుల వరస కనిపిస్తుంది. అందులో Curves ని తాకి, పక్కన వచ్చే బ్రష్ గుర్తును ఎంచుకోండి. (కొత్త వెర్షన్లలో గుర్తులు చోటు మారి ఉండొచ్చు.) ఫోటో పాత రంగులోకి తిరిగొస్తుంది, ఇక వేలు రుద్దినచోటే కొత్త రంగు పడుతుంది. బ్రష్ సైజు మార్చే గీత కోసం వెతకొద్దు. ఫోటోను జూమ్ చేస్తే అదే బ్రష్ చిన్నదానిలా పనిచేస్తుంది. అందుకని చొక్కా నడిమి భాగాన్ని మామూలుగా రుద్దేసి, కాలర్, చేతుల అంచులకు వచ్చేసరికి బాగా దగ్గరికి లాగి మెల్లగా రుద్దాలి. గీత దాటితే కింద ఉన్న అంకెను 100 నుంచి 0 కి దించి రుద్దితే చెరిగిపోతుంది.

ఈ మార్పు కంటికి నమ్మకంగా ఎందుకు ఉంటుందంటే, వెలుతురు మారలేదు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం చాలా తక్కువ వెలుగుగా కనిపిస్తాయి. ఆ లెక్కన తూచి చూస్తే పాత నీలం, కొత్త ఆకుపచ్చ దాదాపు ఒకే వెలుతురులో ఉన్నాయి. ముడతలు, జేబు కుట్టు, చంక కింది నీడ అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. అదే చొక్కాను నిమ్మపండు పసుపు చేయాలంటే వెలుతురును బాగా పెంచాలి. పెంచితే నీడల్లో దాక్కున్న నలుసులన్నీ బయటపడతాయి. మెరూన్ చేయాలంటే బాగా తగ్గించాలి, అది కొంత నయమే గానీ ముడతలు నీడల్లో కలిసిపోయి బట్ట ముద్దగా కనిపిస్తుంది. అసలు రంగుకు దగ్గరి వెలుతురున్న రంగును ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది.

నీలం గీతను మధ్యలో కాకుండా కుడిచివర పట్టుకుని లాగితే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది లాగేది అక్కడే. చొక్కా భుజం మీద లైటు పడి మెరిసేచోట అంకెలు 220, 235, 250 దాకా ఉంటాయి. అది దాదాపు తెలుపు. చివరను సగానికి దించితే నీలం 125కి పడిపోయి ఆ మెరుపు కాస్తా పసుపుపచ్చ మరకవుతుంది. తెల్ల బొత్తాలు పసుపు బొత్తాలవుతాయి. ఆకుపచ్చ చొక్కా మీద ఇలాంటి మరకలు కనిపిస్తే ఎడిట్ చేశారని పసిపిల్లాడైనా పట్టేస్తాడు. మధ్యలో లాగితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, బొత్తాలను మాత్రం 0 పెట్టి విడిగా చెరపాల్సిందే.

తెల్ల చొక్కాకైతే వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ మార్చడానికి రంగే లేదు కాబట్టి లైట్‌రూమ్ Hue గీత ఎంత జరిపినా చలనం ఉండదు. Curves లో ఎరుపు, నీలం గీతల కుడిచివరలు రెండూ మూడొంతులకు దించితే తెలుపు మీద లేత ఆకుపచ్చ శుభ్రంగా పరుచుకుంటుంది. నీలానికి తప్పయిన పనే తెలుపుకు సరైనదన్నమాట. ఎండ సూటిగా పడి, నేత గానీ ముడత గానీ లేకుండా అచ్చ తెలుపుగా మిగిలిపోయిన భుజం ఉంటే మాత్రం అక్కడ స్టిక్కర్ అతికించినట్టు చదునైన రంగు తేలుతుంది. ఫోటోలో లేని ముడతను ఏ గీతా తెచ్చిపెట్టలేదు.

నల్ల చొక్కా గురించి ఆశ వదులుకోవడమే మేలు. మూడు అంకెలూ పదో పన్నెండో ఉన్నచోట పెంచితే వచ్చేది రంగు కాదు, చుక్కచుక్కల మచ్చలు. గళ్ల చొక్కాలో తెల్ల గీతలు కూడా రంగు పూసుకుంటాయి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన పట్టు చొక్కా అయితే మడతమడతకూ వేరే రంగు చూపిస్తుంది, దాన్నంతటినీ ఒకే గీతతో మార్చితే పట్టు కాస్తా పాలిస్టర్‌లా తయారవుతుంది. ఇవి వేలి నైపుణ్యంతో దాటే హద్దులు కావు.

మన పెళ్లి ఫోటోకు వద్దాం. చొక్కా మారింది, అంచులు బాగున్నాయి, అయినా ఏదో తేడాగా ఉందనిపిస్తే గడ్డం కింద చూడండి. చొక్కా మీద పడ్డ వెలుతురు దాని రంగును పులుముకుని గడ్డం అడుగున, మెడ మీద పడుతుంది. చొక్కా ఆకుపచ్చ అయినా మెడ మీద నీలం ఛాయ అలాగే మిగిలిపోతుంది. ఇందాక పక్కన పెట్టిన Selective ఇప్పుడు అక్కరకొస్తుంది. గడ్డం కింద చుక్క పెట్టి, వలయాన్ని చిన్నది చేసి, వేలిని నిలువుగా జరిపి Saturation ఎంచుకుని, అడ్డంగా జరిపి ఒక ఇరవై తగ్గిస్తే నీలం విరిగిపోతుంది. ఎక్కువ తగ్గిస్తే మెడ బూడిద రంగులోకి వెళ్తుంది, అందుకని మొహంతో పోల్చుకుంటూ ఆపాలి.

చివరికి మిగిలే చిక్కు అంచులది. చొక్కా చుట్టూ వెంట్రుకవాసి నీలం చార కనిపిస్తే అది మీ వేలి తప్పే కానక్కర్లేదు. ఫోన్లు తీసే జేపీఈజీ ఫోటోల్లో వెలుతురు వివరం పూర్తిగా ఉంటుంది గానీ, రంగు వివరం సాధారణంగా నిలువునా అడ్డంగా సగం సగమే దాచి ఉంటుంది. జాగా ఆదా చేయడానికి అలా చేస్తారు. మామూలుగా చూస్తే తెలియదు, రంగు మార్చినప్పుడే బయటపడుతుంది. చొక్కా నీలం అంచు దాటి చేతి మీదికి కాస్త జారి ఉంటుంది, ఆ జారిన భాగాన్ని బ్రష్ పట్టుకోదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో మరింత నలిగి ఉంటుంది కాబట్టి ఈ చార ఇంకా వెడల్పవుతుంది. తీసినవారి ఫోన్ నుంచి ఒరిజినల్‌ను డాక్యుమెంట్‌గా పంపించుకుని పని మొదలుపెడితే తేడా కంటికే తెలుస్తుంది.

స్టేటస్‌కు పెట్టే ఫోటోలో ఈ చార ఎవరికీ కనపడదు. ఆల్బమ్ సైజులో దగ్గరగా చూసేవారికి కనిపించొచ్చు. అదే ఫోటోను ఫంక్షన్ హాలు గేటు దగ్గర పదడుగుల ఫ్లెక్సీ వేయిస్తే చొక్కా చుట్టూ ముగ్గు వేసినట్టు కనిపిస్తుంది. ఎక్కడ వాడబోతున్నారో ఆ సైజులో చూసి తేల్చుకోవాలి తప్ప, ఫోన్ తెర మీద బాగుందని సంబరపడితే లాభం లేదు. అమెరికా వీసా దరఖాస్తుకు పెట్టే ఫోటోలో అయితే ఇలాంటి మార్పులు ఎంత బాగా కుదిరినా పెట్టకూడదు, ఎడిట్ చేసిన ఫోటోను వాళ్లు అంగీకరించరు. ఆన్‌లైన్‌లో చొక్కాలు అమ్మేవారు ఒకే ఫోటోను ఐదు రంగుల్లో మార్చి పెట్టడం చూస్తుంటాం. బట్ట నిజంగా ఆ ఛాయలో లేకపోతే పార్శిల్ తిరిగొస్తుంది, రానుపోను ఖర్చు అమ్మినవాడి నెత్తినే పడుతుంది.

ఫ్లెక్సీయే వేయించాలనుకుంటే ఫోటో స్టూడియో వాళ్ల దగ్గరికి వెళ్లడం మంచిది. ఫోటోషాప్‌లో చొక్కాను విడి లేయర్‌గా కత్తిరించి, అంచుల్లో మిగిలిన నీలాన్ని వేరుగా తీసేయగలరు. వాళ్లకు మీరు మార్చిన ఫోటో కాకుండా ఒరిజినల్ ఇవ్వండి. పక్కన నిలబడ్డవాళ్ల ఆకుపచ్చ చొక్కాల్లో ఏ ఒక్కదాన్నో చూపించి ఆ ఛాయకు కలపమని చెప్పండి. ‘ఆకుపచ్చ’ అని మాత్రమే చెబితే వాళ్లకు తోచిన ఆకుపచ్చే వస్తుంది.