టికెట్లు తగ్గింది 10 శాతమే.. లాభం 75 శాతం ఎలా పోయింది? థియేటర్ లెక్కతో లివరేజ్ గుట్టు

ఓ థియేటర్‌లో గత నెల 20 వేల టికెట్లు అమ్ముడయ్యాయి. ఈ నెల 18 వేలు అమ్ముడయ్యాయి. అంటే తగ్గింది 10 శాతమే. కానీ ఓనర్ చేతికొచ్చే లాభం మాత్రం 2 లక్షల నుంచి 50 వేలకు పడిపోయింది. అంటే ఏకంగా 75 శాతం కోత! ఎక్కడా దుబారా లేదు, ఎవరూ డబ్బు కాజేయలేదు. మరి ఇంత తేడా ఎందుకొచ్చింది? దీనికి సమాధానం రెండు మాటల్లో ఉంది. ఒకటి ఆపరేటింగ్ లివరేజ్, రెండోది ఫైనాన్షియల్ లివరేజ్. అర్థం కావడానికి ఊహించుకున్న లెక్కతో చూద్దాం.

ముందు ఖర్చులను రెండుగా విడదీయాలి

సగటు టికెట్ ధర రూ.150 అనుకుందాం. అందులో డిస్ట్రిబ్యూటర్ వాటా, పన్నులు కలిపి రూ.75 పోతుంది. ఇది టికెట్ తెగితేనే అయ్యే ఖర్చు. జనం తగ్గితే ఇదీ తగ్గుతుంది. కాబట్టి ఒక్కో టికెట్‌పై థియేటర్‌కు మిగిలేది రూ.75.

ఇక రెండో రకం ఖర్చు ఉంది. స్టాఫ్ జీతాలు, బిల్డింగ్ అద్దె, ప్రొజెక్టర్ మెయింటెనెన్స్, ఏసీ, కరెంటు.. హాల్ నిండినా, పది మందే కూర్చున్నా షో వేయాల్సిందే కదా! ఇదంతా కలిపి నెలకు రూ.10 లక్షలు. దీన్నే ఫిక్స్‌డ్ ఖర్చు అంటారు.

20 వేల టికెట్లు తెగితే, ఒక్కోదానిపై రూ.75 చొప్పున మిగిలేది రూ.15 లక్షలు. అందులో ఫిక్స్‌డ్ ఖర్చు రూ.10 లక్షలు తీసేస్తే, నిర్వహణ లాభం రూ.5 లక్షలు.

మొదటి దెబ్బ: ఆపరేటింగ్ లివరేజ్

ఇప్పుడు టికెట్లు 18 వేలకు తగ్గాయి. మిగిలేది రూ.13.5 లక్షలు. కానీ జీతాలు, అద్దె తగ్గవు. ఆ రూ.10 లక్షలు అలాగే కట్టాలి. నిర్వహణ లాభం రూ.3.5 లక్షలకు దిగింది. అంటే అమ్మకాలు 10 శాతం తగ్గితే ఈ లాభం 30 శాతం తగ్గింది. మూడు రెట్లు!

ఈ 'మూడు రెట్లు' అన్నదే ఆ థియేటర్ ఆపరేటింగ్ లివరేజ్ స్థాయి. ఫిక్స్‌డ్ ఖర్చుకు ముందు మిగిలిన మొత్తాన్ని నిర్వహణ లాభంతో భాగిస్తే చాలు. 15 లక్షలను 5 లక్షలతో భాగిస్తే 3 వస్తుంది. వ్యాపారం నడిచే తీరులోనే ఇది ఉంటుంది. అప్పు ఒక్క రూపాయి లేకపోయినా ఉంటుంది.

రెండో దెబ్బ: ఫైనాన్షియల్ లివరేజ్

ఓనర్ కొత్త సీట్లు, స్క్రీన్, సౌండ్ సిస్టమ్ కోసం బ్యాంకులో రూ.3 కోట్లు లోన్ తీసుకున్నారనుకుందాం. 12 శాతం చొప్పున నెలకు వడ్డీ రూ.3 లక్షలు. సినిమా ఆడిందా లేదా అన్నది బ్యాంకుకు అనవసరం. వడ్డీ కట్టాల్సిందే.

గత నెల నిర్వహణ లాభం రూ.5 లక్షల్లో వడ్డీ పోగా రూ.2 లక్షలు మిగిలాయి. ఈ నెల రూ.3.5 లక్షల్లో వడ్డీ పోగా మిగిలింది రూ.50 వేలే. నిర్వహణ లాభం తగ్గింది 30 శాతం, ఓనర్ లాభం తగ్గింది 75 శాతం. అంటే రెండున్నర రెట్లు. ఇది అప్పు వల్ల వచ్చిన ఊపు కాబట్టి ఫైనాన్షియల్ లివరేజ్ అంటారు.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ రెండు ఊపులూ ఒకదానికొకటి కూడవు, గుణించుకుంటాయి. మూడు ఇంటూ రెండున్నర, ఏడున్నర. అందుకే 10 శాతం తగ్గుదల 75 శాతం కోతగా మారింది. ఇది పైకి కూడా ఇలాగే పనిచేస్తుంది. టికెట్లు 22 వేలు తెగితే ఓనర్ లాభం రూ.3.5 లక్షలకు చేరుతుంది. హిట్ సినిమా పడిన నెలలో ఈ లెక్క చూసి మురిసిపోయి ఇంకో లోన్ తీసుకుంటేనే చిక్కు మొదలవుతుంది.

ఆ నంబర్ ఒకేచోట ఉండదు

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఏడున్నర రెట్లు అన్నది 20 వేల టికెట్ల దగ్గర మాత్రమే నిజం. 18 వేల దగ్గర అదే థియేటర్ లివరేజ్ 27 రెట్లకు చేరుతుంది. ఎందుకంటే మిగిలిన లాభం రూ.50 వేలే. అక్కడి నుంచి టికెట్లు మరో 4 శాతం తగ్గితే చాలు, నష్టాల్లోకి జారిపోతుంది.

అప్పు లేకుంటే ఈ థియేటర్ 13,333 టికెట్లతో ఖర్చులు రాబట్టుకునేది. వడ్డీ తోడవడంతో 17,333 దాకా అమ్మితేనే లాభనష్టాల్లేని స్థితికి వస్తుంది. అంటే ఆ అప్పు నెలకు 4 వేల టికెట్ల బరువు అదనంగా మోపిందన్నమాట.

కరోనా టైమ్‌లో ఏం జరిగింది?

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దేశవ్యాప్తంగా థియేటర్లు మూతపడ్డాయి. కేంద్రం అక్టోబర్ 15 నుంచి 50 శాతం సీట్లతో తెరుచుకోవచ్చని అనుమతిచ్చింది. కానీ సగం సీట్లే నిండితే పై లెక్కలోని థియేటర్ ఫిక్స్‌డ్ ఖర్చు కూడా రాబట్టుకోలేదు.

మల్టీప్లెక్స్ సంస్థ పీవీఆర్ 2020-21లో రూ.700 కోట్లకు పైగా నష్టం చూసింది. అప్పుడు ఆ సంస్థ రెండు వైపుల నుంచీ బరువు దించుకునే ప్రయత్నం చేసింది. ఒకవైపు మాల్ ఓనర్లతో అద్దె రాయితీల కోసం చర్చలు జరిపింది. మరోవైపు కొత్త షేర్లు అమ్మి నిధులు తెచ్చుకుంది. రైట్స్ ఇష్యూ ద్వారా సుమారు రూ.300 కోట్లు, ఆ తర్వాత పెద్ద ఇన్వెస్టర్ల నుంచి రూ.800 కోట్లు సమీకరించింది. షేర్లకు నెలనెలా వడ్డీ ఉండదు కదా! ఆపరేటింగ్ ఊపు మీద అప్పు ఊపు పడకుండా చూసుకోవడం ఇందులోని ఉద్దేశం. అయితే దీనికీ ఖరీదుంది. షేర్లు పెరిగితే పాత వాటాదారుల వాటా పలచబడుతుంది.

అద్దె, పర్సంటేజ్ గొడవ వెనకా ఇదే లెక్క

2025 మే నెలలో ఏపీ, తెలంగాణ ఎగ్జిబిటర్లు పర్సంటేజ్ పద్ధతి కావాలని పట్టుబట్టారు. జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామన్నారు, తర్వాత వెనక్కి తగ్గారు. ఆ గొడవ నిజానికి ఈ ఊపు ఎవరు మోయాలన్నదాని మీదే.

అద్దె పద్ధతిలో థియేటర్‌కు ఇంత అని ముందే ఖాయం. సినిమా ఫ్లాపైతే ఆ అద్దె డిస్ట్రిబ్యూటర్‌కు ఫిక్స్‌డ్ ఖర్చుగా మిగులుతుంది. హిట్టయితే పైన వచ్చిందంతా ఆయనకే. పర్సంటేజ్ పద్ధతిలో అదే ఖర్చు కలెక్షన్‌తో పాటు పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. హిట్‌లో థియేటర్‌కూ వాటా వస్తుంది, ఫ్లాప్‌లో దెబ్బా తగులుతుంది. ఊపు మాయం కాదు, ఒకరి లెక్క నుంచి ఇంకొకరి లెక్కలోకి మారుతుంది.

ఏ కంపెనీకైనా ఇలా చూడొచ్చు

కంపెనీ రిజల్ట్స్‌లో మూడు వరుసలు చూస్తే చాలు. ఆదాయం, వడ్డీకి ముందు లాభం, వడ్డీ తర్వాత లాభం. ఆదాయం కాస్త కదిలినా వడ్డీకి ముందు లాభం ఎక్కువగా ఊగుతుంటే ఫిక్స్‌డ్ ఖర్చుల బరువు ఉందేమో చూడాలి. ముడిసరుకు ధరలు మారినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ఒక్క త్రైమాసికం చూసి తేల్చేయకూడదు. వడ్డీ తర్వాత లాభం ఇంకా ఎక్కువ ఊగితే అది అప్పు ప్రభావం. సిబ్బంది, బిల్డింగ్ ఖర్చును రాత్రికి రాత్రి తగ్గించుకోవడం కష్టం. కానీ అప్పు ఎంత తీసుకోవాలన్నది ముందే చేతిలో ఉన్న నిర్ణయం. అందుకే అమ్మకాలు నెలనెలా ఊగే వ్యాపారంలో, మంచి నెల లాభం చూసి కాకుండా చెత్త నెల లాభం చూసి లోన్ సైజు ఖాయం చేసుకోవాలి.