సంతకానికి ముందే నోటీసు మాట

ఆఫర్ లెటర్ చేతికి రాగానే అందరూ ముందు చూసేది జీతం పేజీ, ఆ తర్వాత చేరాల్సిన తేదీ. చివరి పేజీల్లో ఎక్కడో ఉండే ఒక చిన్న క్లాజు దగ్గర చాలామంది కళ్ళు ఆగవు. ప్రొబేషన్ ముగిశాక ఉద్యోగం వదలాలంటే 90 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలన్నది దాని సారాంశం. మన దేశపు ఐటీ సర్వీసుల కంపెనీల్లో ఈ మూడు నెలల లెక్క మామూలైపోయింది.

హైదరాబాద్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సపోర్టు చూసే ఒక ఇంజినీరును ఉదాహరణగా తీసుకుందాం. ఆరేళ్ళ అనుభవం, నెలకు లక్ష రూపాయల జీతం, అందులో బేసిక్ 50 వేలు. కొత్త కంపెనీ ఆమెను ఎంచుకుంది, 30 రోజుల్లో చేరమంది. పాత కంపెనీలో 90 రోజుల నోటీసు ఉండటంతో ఆమె నానా తంటాలు పడి, మిగిలిన రోజులకు డబ్బు కట్టి బయటపడింది. తీరా కొత్త ఆఫర్ లెటర్ చూస్తే అందులోనూ అదే 90 రోజులు! చేరేవాళ్ళు నెలలో రావాలి, వెళ్ళేవాళ్ళు మాత్రం మూడు నెలలు ఉండాలి. ఈ తేడాను కొత్త యజమాని ముందు మర్యాదగా పెట్టడానికి సంతకానికి ముందు రోజులే సరైన సమయం. చేరాక అడిగితే అది కంపెనీ పాలసీని మార్చమనడం అవుతుంది. పైగా, అప్పుడే వెళ్ళిపోయే ఆలోచనలో ఉందన్న అనుమానమూ వస్తుంది.

ఇంతకీ ఆ క్లాజులో అసలు బలం ఎక్కడుంది? ఉద్యోగం మానేసినవారిని మళ్ళీ కూర్చోబెట్టి పని చేయించమని మన కోర్టులు ఆదేశించవు. వ్యక్తి సొంత శ్రమ మీద ఆధారపడిన ఒప్పందాలను అలా అమలు చేయించకూడదని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి కంపెనీ చేతిలో మిగిలేవి రెండు: నోటీసు డబ్బు, రిలీవింగ్ లెటర్. ఆ లెటర్ లేకపోతే తర్వాతి కంపెనీలో చేరడం కష్టమవుతుంది. డబ్బు విషయానికొస్తే ఒక్క మాటతో లెక్క తారుమారవుతుంది. క్లాజులో ‘బేసిక్’ అని ఉంటే మన ఇంజినీరుకు 90 రోజుల విలువ లక్షన్నర, ‘గ్రాస్’ అని ఉంటే మూడు లక్షలు. నోటీసుకు బదులు డబ్బు కట్టవచ్చని రాసి, పక్కనే ‘కంపెనీ ఇష్టం మేరకు’ అని చేర్చి ఉంటే, డబ్బు కడతామన్నా కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. ఎన్ని రోజులన్న అంకెతో పాటు ఈ మాటలనూ చదివి తీరాలి.

తగ్గించమని అడిగితే కొత్త యజమానికి వచ్చే భయం ఒక్కటే: ఈవిడ నెలలో వెళ్ళిపోతే పని ఎవరు చూస్తారు? ఆ భయానికి సమాధానం ఉత్తరంలోనే ఉండాలి. పనిని అప్పగించే పద్ధతి, అంటే హ్యాండోవర్ ప్లాన్, అక్కరకొచ్చేది ఇక్కడే. ఇలాంటి మెయిల్ ఎక్కువగా ఇంగ్లీషులోనే వెళ్తుంది గానీ, తెలుగులో దాని సారం ఇలా ఉంటుంది:

“నమస్తే మేడమ్. ఆఫర్‌కు కృతజ్ఞతలు. జీతం, చేరే తేదీ నాకు సమ్మతమే. ఒక్క క్లాజు గురించి అడగాలనుకుంటున్నాను. ప్రొబేషన్ తర్వాత 90 రోజులుగా ఉన్న నోటీసును ఇరువైపులా 30 రోజులుగా మార్చగలరా? మీరు నన్ను 30 రోజుల్లో చేరమన్నారు, నేను కూడా మీకు అదే వ్యవధిలో పని అప్పగించగలను. చేరిన మూడు నెలల్లో నా పనులన్నిటికీ రాతపూర్వక నోట్స్ తయారుచేసి, టీమ్‌లో ఒకరికి బ్యాకప్‌గా నేర్పుతాను. ఎప్పుడైనా వెళ్ళాల్సివస్తే మొదటి వారం నోట్స్ సరిచూసి అప్పగిస్తాను. రెండో వారం నేను పని చేస్తుంటే బ్యాకప్ చూస్తారు. మూడో వారం వారు చేస్తారు, నేను పక్కనుంటాను. నాలుగో వారం నెలాఖరు బిల్లింగ్ వారే నడుపుతారు, మేనేజర్ చూసి సంతకం చేస్తారు. ఆ నెలాఖరు గడువులో పడేలా రాజీనామా తేదీ చూసుకుంటాను. 30 రోజులు కుదరకపోతే 45 అయినా సరే. మీ జవాబు చూసి సంతకం చేస్తాను.”

ఈ ఉత్తరంలో ప్రాణం నాలుగో వారంలో ఉంది. బిల్లింగ్ పనిలో చిక్కులన్నీ నెలాఖరు రన్‌లోనే బయటపడతాయి. ఆ రోజు ఫైలు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, మధ్యలో ఆగిపోతే ఎక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి అన్నవి కాగితం మీద చదివితే రావు, చేస్తేనే వస్తాయి. కొత్త మనిషి ఒక నెలాఖరును తన చేత్తో దాటిస్తే అప్పగింత పూర్తయినట్టే. అందుకే నెలలో 5 నుంచి 10వ తేదీ మధ్య రాజీనామా ఇస్తే లెక్క చక్కగా కుదురుతుంది. ఏడాదికోసారి ఆడిట్ చూసే అకౌంటెంటుకు ఈ వాదన పనికిరాదు. ఆ పని చక్రం పెద్దది కాబట్టి నెల చాలదు, అక్కడ 60 రోజులు అడగడమే న్యాయం.

‘మూడు నెలలుంటే ఆలోపు కొత్తవారిని తీసుకోవచ్చు కదా’ అని హెచ్ఆర్ అనవచ్చు. నిజానికి ఆ వచ్చే మనిషికీ తన పాత కంపెనీలో 90 రోజుల నోటీసే ఉంటుంది. ఇంటర్వ్యూలు, ఆఫర్ ముగిసి అతను చేరేసరికి ఈమె వెళ్ళిపోయి ఉంటుంది. చివరికి పని అందుకునేది లోపల ఉన్న సహోద్యోగే. ఆ సహోద్యోగిని ముందే సిద్ధం చేస్తానన్న మాట 90 రోజుల కంటే కంపెనీకి ఎక్కువ అక్కరకొస్తుంది. ఈ సంగతిని ఉత్తరంలో పెట్టకుండా, ఫోన్లో అడిగినప్పుడు చెబితే బాగుంటుంది.

అయితే ‘ఇరువైపులా’ అన్న మాటకు మూల్యం ఉంది. కంపెనీ తనంతట తాను పంపించేయాలనుకున్నా అప్పుడు 30 రోజులే. షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 1988 కింద, కనీసం ఆరు నెలలు వరసగా పనిచేసిన ఉద్యోగిని తీసేయాలంటే నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. 90 రోజుల క్లాజు ఉన్నవారికి దక్కేది అంతకంటే రెండు నెలలు ఎక్కువ. ఇంట్లో ఒక్క జీతమే ఆధారమై, ఇంటి అప్పు వాయిదాలు నడుస్తున్నవారు ఈ అడ్డం తీసేసుకునే ముందు నిదానంగా ఆలోచించుకోవాలి. ఉద్యోగి వైపు నుంచి 30, కంపెనీ వైపు నుంచి 60 అని వేరుగా అడగడంలో తప్పులేదు గానీ, ఒప్పుకునేవారు తక్కువ.

వందలమందిని ఒకేసారి తీసుకునే పెద్ద కంపెనీలో ఫ్రెషర్‌కు ఈ ఉత్తరం పనిచేయదు, అందరికీ ఒకటే లెటర్. చిన్న, మధ్యతరహా సంస్థల్లో, అనుభవమున్నవారిని ఏరి తీసుకునేచోట పనిచేసే అవకాశం ఉంది.

ఎక్కువమంది దెబ్బతినేది ‘సరే’ అన్న తర్వాత. ఫోన్లో హెచ్ఆర్ “చూద్దాం లెండి, అప్పటికి తగ్గిస్తాం” అంటారు, ఉద్యోగి సంబరపడి సంతకం పెట్టేస్తారు. చేరిన రోజు ఇచ్చే అపాయింట్‌మెంట్ లెటర్‌లో పాత 90 రోజులే ఉంటాయి, ఇదివరకటి మాటలన్నిటి స్థానంలో ఈ లెటరే చెల్లుతుందన్న వాక్యమూ ఉంటుంది. ఆ హెచ్ఆర్ అప్పటికి మరో కంపెనీకి వెళ్ళిపోయి ఉండవచ్చు కూడా. అందుకే మార్చిన క్లాజుతో కొత్త ఆఫర్ లెటర్ గానీ, సంతకం ఉన్న సవరణ పత్రం గానీ అడిగి తీసుకోండి. చేరిన రోజు అపాయింట్‌మెంట్ లెటర్‌లో అదే అంకె ఉందో లేదో చూసుకున్నాకే పెన్ను తీయండి.