విడి పాలు చౌకేనా? ఘనపదార్థాల ఆధారంగా ధరల పోలిక

లీటరు ధరను మాత్రమే చూసి విడి పాలు చౌక అని నిర్ణయించరాదు. పాల విలువ వాటిలోని వెన్న, వెన్నేతర ఘనపదార్థాలపై ఆధారపడి ఉంటుంది. ప్రమాణాల ప్రకారం ఫుల్‌క్రీమ్ ప్యాకెట్ పాలలో వెన్న కనీసం 6 శాతం, వెన్నేతర ఘనపదార్థాలు 9 శాతం ఉండాలి. టోన్డ్ పాలలో ఇవి వరుసగా 3, 8.5 శాతం.

ఉదాహరణకు లీటరు ఫుల్‌క్రీమ్ ప్యాకెట్ పాలు రూ.72, విడి గేదె పాలు రూ.64 అనుకొందాం. లెక్క సౌలభ్యానికి లీటరును కిలోగా తీసుకొంటే, రెండింటిలోనూ మొత్తం ఘనపదార్థాలు 15 శాతం ఉన్నప్పుడు గ్రాముకు ప్యాకెట్ పాలలో 48 పైసలు, విడి పాలలో సుమారు 43 పైసలు పడుతుంది. అయితే నాలుగు వంతుల విడి పాలకు ఒక వంతు నీరు కలిస్తే ఘనపదార్థాలు 12 శాతానికి తగ్గి, గ్రాము ధర 53 పైసలకు చేరుతుంది.

కల్తీని గుర్తించడానికి లాక్టోమీటరు ఒక్కటే చాలదు. నీరు కలిస్తే రీడింగు తగ్గుతుంది, వెన్న తీస్తే పెరుగుతుంది. రెండూ జరిగిన పాలలో అది సాధారణంగానే కనిపించవచ్చు. కనుక వెన్న శాతాన్ని కూడా పరీక్షించిన తరువాతనే ధరలను పోల్చాలి.